సమాంతర ఆర్ఎల్‌సీ వలయం: స్టెప్ రెస్పాన్స్, తొలి షరతులు, స్థిరాంకాలు

ఒక రెసిస్టరు, ఒక ఇండక్టరు, ఒక కెపాసిటరు తీసుకుని మూడింటి మొదటి కొసలను ఒకచోట, రెండో కొసలను మరోచోట ముడివేస్తే సమాంతర ఆర్ఎల్‌సీ వలయం తయారవుతుంది. మూడింటి మీదా ఉండేది ఒకే వోల్టేజి. వచ్చిన కరెంటును మాత్రం మూడూ పంచుకుంటాయి. అంతవరకూ ఖాళీగా ఉన్న ఈ వలయానికి ఉన్నట్టుండి ఒక నిలకడ కరెంటు అందిస్తే, అది మూడు దారుల్లో కాలంతోపాటు ఎలా సర్దుకుంటుందో చెప్పేదే స్టెప్ రెస్పాన్స్.

చివరికి ఏమవుతుందో చెప్పడానికి లెక్క అక్కర్లేదు. నిలకడ కరెంటుకు ఆదర్శ ఇండక్టరు ఒట్టి తీగతో సమానం, కెపాసిటరు తెగిన తీగతో సమానం. కాబట్టి కరెంటంతా ఇండక్టరులోకి చేరుతుంది, వోల్టేజి సున్నా అవుతుంది. మొట్టమొదటి క్షణం కూడా తేలికే. ఇండక్టరు తన కరెంటును ఒక్కసారిగా మార్చుకోదు. వోల్టేజి ఇంకా సున్నాయే కనుక రెసిస్టరులోకీ ఏమీ పోదు. మొత్తం కెపాసిటరు మీద పడుతుంది. కెపాసిటరులో మొదలై ఇండక్టరులో ముగిసే ఈ ప్రయాణంలో మధ్య భాగం కోసమే సమీకరణాలు రాయాలి. ఆ సమీకరణాలను సాధించడం వచ్చినవాళ్లు కూడా తడబడేది చివర మిగిలే రెండు స్థిరాంకాల దగ్గరే.

చేతికి అందే విలువలతో ఒక వలయాన్ని తీసుకుని చివరిదాకా నడిస్తే సంగతి తేటపడుతుంది. రెసిస్టరు 200 ఓంలు, ఇండక్టరు 250 మిల్లీహెన్రీలు, కెపాసిటరు 1 మైక్రోఫారడ్, ఇచ్చే కరెంటు 30 మిల్లీఆంపియర్లు. ఆదర్శ కరెంటు సోర్సు ప్రయోగశాల బల్ల మీద దొరకదు గానీ దాని అవసరం కూడా లేదు. 6 వోల్టుల సోర్సుకు వరసలో 200 ఓంలు పెట్టి, ఆ జతను ఇండక్టరు, కెపాసిటరులకు కలిపితే చాలు. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఎడ్వర్డ్ నార్టన్ 1926లో రాసిపెట్టిన సిద్ధాంతం ప్రకారం, ఇండక్టరు కెపాసిటరుల వైపు నుంచి చూస్తే ఈ రెండు ఏర్పాట్లకూ తేడా లేదు. అయితే ఆ సమానత్వం రెసిస్టరు లోపలికి వర్తించదు. చాలాసేపటి తర్వాత నార్టన్ బొమ్మలోని రెసిస్టరులో కరెంటు సున్నా, బల్ల మీది అసలు రెసిస్టరులో మాత్రం 30 మిల్లీఆంపియర్లూ ఉంటుంది.

ఇండక్టరు కరెంటును i అనీ, అందరికీ ఉమ్మడిగా ఉన్న వోల్టేజిని v అనీ అంటే, వలయం గురించి చెప్పాల్సింది రెండే వాక్యాలు. మూడు దారుల కరెంట్లు కలిస్తే సోర్సు కరెంటు రావాలి. ఇండక్టరు మీది వోల్టేజి దాని కరెంటు మారే వేగానికి అనులోమంగా ఉండాలి.

i + v/R + C·dv/dt = I
v = L·di/dt

రెండోదాన్ని మొదటిదాంట్లో పెడితే i ఒక్కదానికే సమీకరణం వస్తుంది. కాలాన్ని మిల్లీసెకన్లలో, కరెంటును మిల్లీఆంపియర్లలో కొలిస్తే ఈ వలయానికి 1/RC విలువ 5, 1/LC విలువ 4. పది ఘాతాల గొడవ లేకుండా సమీకరణం ఇలా నిలుస్తుంది:

i″ + 5i′ + 4i = 120

కుడివైపు 120 అంటే 4 రెట్లు 30. అన్ని మార్పులూ ఆగిపోయాక i = 30 అవుతుందని ఇక్కడే కనిపిస్తోంది. మిగిలిన భాగం s² + 5s + 4 = 0 మూలాల నుంచి వస్తుంది. ఆ మూలాలు −1, −4. కాబట్టి జవాబు రూపం ఇది:

i(t) = 30 + A1·e^(−t) + A2·e^(−4t)

ఇందులో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడాలి. −1, −4 అనే ఘాతాంకాలు మూడు భాగాల విలువల నుంచే పుట్టాయి. సోర్సు ఎంతైనా, వలయం ముందు ఏ స్థితిలో ఉన్నా అవి మారవు. 30 అనేది సోర్సు ఇచ్చింది. A1, A2 మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. స్విచ్ వేసేసరికి వలయంలో ఉన్న పరిస్థితికీ, అది చేరాల్సిన పరిస్థితికీ మధ్య ఎంత దూరముందో, ఆ దూరం రెండు ఘాతాల మధ్య ఎలా పంచుకోబడిందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఆ పరిస్థితిని తెలుసుకోవడానికి పట్టుకోవాల్సినవి రెండు రాశులే: ఇండక్టరు కరెంటు, కెపాసిటరు వోల్టేజి. స్విచ్ కదిలే ముందరి క్షణంలో వీటి విలువ ఎంతో తర్వాతి క్షణంలోనూ అంతే. కెపాసిటరు వోల్టేజి చటుక్కున ఎగరాలంటే అనంతమైన కరెంటు కావాలి, ఇండక్టరు కరెంటు చటుక్కున ఎగరాలంటే అనంతమైన వోల్టేజి కావాలి. మిగతా రాశులకు ఈ హామీ లేదు. ఈ వలయంలోనే కెపాసిటరు కరెంటు స్విచ్ వేయకముందు సున్నా, వేసిన మరుక్షణం 30. ముందరి క్షణపు కెపాసిటరు కరెంటును తొలి షరతుగా వాడినవాళ్లకు అందమైన, పూర్తిగా తప్పుడు జవాబు వస్తుంది.

రెండు తెలియని అంకెలకు రెండు షరతులు కావాలి. మొదటిది ఇండక్టరు కరెంటు తొలి విలువ I0, ఇక్కడ సున్నా. రెండోది కెపాసిటరు తొలి వోల్టేజి V0. కానీ మన సమీకరణంలో వోల్టేజి లేదు, i మాత్రమే ఉంది. ఇక్కడే v = L·di/dt మళ్లీ పనికొస్తుంది. రెండూ సమాంతరంగా ఉన్నాయి కనుక కెపాసిటరు వోల్టేజే ఇండక్టరు వోల్టేజి, కాబట్టి ఇండక్టరు కరెంటు తొలి వాలు V0/L అవుతుంది. V0 సున్నా అయితే వాలూ సున్నా.

30 + A1 + A2 = 0
−A1 − 4A2 = 0

రెండు వరుసలూ కూడితే 30 − 3A2 = 0. అంటే A2 = 10, A1 = −40.

i(t) = 30 − 40·e^(−t) + 10·e^(−4t)

దీన్ని అవకలనం చేసి 0.25తో గుణిస్తే వోల్టేజి వస్తుంది: v = 10·(e^(−t) − e^(−4t)) వోల్టులు. జవాబు సరైనదో కాదో ఇక్కడ తేల్చుకోవచ్చు. t = 0 దగ్గర ఈ వోల్టేజి పెరిగే వేగం మిల్లీసెకనుకు 30 వోల్టులు. 1 మైక్రోఫారడ్ కెపాసిటరు అంత వేగంతో నిండాలంటే సరిగ్గా 30 మిల్లీఆంపియర్లు కావాలి. మొదటి క్షణంలో కరెంటంతా కెపాసిటరులోకే పోతుందని ముందే అనుకున్నాం కదా, లెక్క కూడా అదే అంటోంది. ఈ వోల్టేజి సుమారు 0.46 మిల్లీసెకన్ల దగ్గర 4.72 వోల్టుల శిఖరం తాకి, తర్వాత మెల్లగా దిగిపోతుంది. అసిలోస్కోపు తెర మీద వెతకాల్సిన గుర్తు అదే.

తరగతి గదిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, 30ని పక్కన పెట్టి ఘాత భాగానికి మాత్రమే తొలి షరతులను పూయడం. సోర్సు లేని వలయాలను ముందు నేర్చుకుంటారు కనుక చేతికి అదే అలవాటవుతుంది. అప్పుడు A1 + A2 = 0, A1 + 4A2 = 0 అని వస్తాయి. రెండు అంకెలూ సున్నా అవుతాయి. చివర 30 కలిపితే, స్విచ్ వేసిన క్షణంలోనే ఇండక్టరులో 30 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తున్నట్టు జవాబు వస్తుంది. ఇండక్టరు స్వభావమే దాన్ని ఒప్పుకోదు. స్థిరాంకాలు దొరికాక t = 0 పెట్టి మొత్తం వ్యక్తీకరణను ఒకసారి లెక్కగట్టే అలవాటున్నవాళ్లు ఈ తప్పును అక్కడికక్కడే పట్టేస్తారు.

ఇదే లెక్కను i బదులు v నుంచి మొదలుపెట్టి చేయవచ్చు. అదొక విచిత్రమైన అనుభవం. మొదటి సమీకరణాన్ని ఒకసారి అవకలనం చేస్తే స్థిరమైన సోర్సు మాయమైపోతుంది:

v″ + 5v′ + 4v = 0

30 ఎక్కడా కనిపించదు. సోర్సు ఉన్న వలయానికీ లేని వలయానికీ ఒకే సమీకరణం. మరి సోర్సు జాడ ఎక్కడికి పోయింది? తొలి షరతులోకి. వోల్టేజి తొలి వాలు కనుక్కోవాలంటే కెపాసిటరులోకి ఎంత కరెంటు పోతోందో చూడాలి, అది సోర్సు కరెంటులోంచి ఇండక్టరు, రెసిస్టరులు తీసుకున్నది పోగా మిగిలింది.

v′(0) = (I − I0 − V0/R)/C

మన వలయానికి ఇది మిల్లీసెకనుకు 30 వోల్టులు. A1 + A2 = 0, −A1 − 4A2 = 30 అని రాస్తే స్థిరాంకాలు 10, −10 వస్తాయి, పైన వచ్చిన v కూడా అదే. ఈ వాలును కూడా సున్నా అనుకున్నవాళ్లకు v ఎప్పటికీ సున్నాగానే మిగిలిపోతుంది. సోర్సు పెట్టినా వలయంలో ఏమీ జరగలేదన్నమాట!

ఇంతవరకూ వలయం ఖాళీగా మొదలైంది. అసలు రుచి ఖాళీగా లేనప్పుడు తెలుస్తుంది. ఇండక్టరులో ముందే 6 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తున్నాయనీ, విడిగా 6 వోల్టులకు చార్జి చేసిన కెపాసిటరును సోర్సుతోపాటే t = 0 దగ్గర కలిపామనీ అనుకుందాం. కెపాసిటరును విడిగా చార్జి చేయక తప్పదు. నిలకడ స్థితిలో ఉన్న ఆదర్శ సమాంతర వలయంలో ఇండక్టరు వోల్టేజిని సున్నాకు లాగేస్తుంది కనుక, అక్కడి నుంచి మొదలుపెడితే V0 ఎప్పుడూ సున్నాయే. ఇప్పుడు ఇండక్టరు కరెంటు తొలి వాలు 6/0.25, అంటే మిల్లీసెకనుకు 24 మిల్లీఆంపియర్లు.

A1 + A2 = 6 − 30 = −24
−A1 − 4A2 = 24

కూడితే −3A2 = 0. A2 పూర్తిగా మాయమైంది! A1 = −24.

i(t) = 30 − 24·e^(−t)

వలయంలో ఇండక్టరూ ఉంది, కెపాసిటరూ ఉంది, సమీకరణం రెండో తరగతిదే. అయినా బయటికి కనిపించే వక్రం ఒకే ఒక్క ఘాతం. వోల్టేజి కూడా 6·e^(−t) అని సాఫీగా దిగిపోతుంది. ఈ వక్రం మాత్రమే చూసినవాళ్లు లోపల ఉన్నది ఒట్టి ఆర్‌ఎల్ వలయమని ప్రమాణం చేస్తారు. −4 అనే మూలం ఎక్కడికీ పోలేదు, దాన్ని లేపే తొలి షరతు దొరకలేదంతే. కాబట్టి ఒకే రెస్పాన్స్ చూసి వలయం మూలాలన్నీ తెలిసిపోయాయనుకోవడం ప్రమాదం. మరో తొలి స్థితి నుంచి ఇంకోసారి నడిపి చూడాలి.

అదే కెపాసిటరును తిరగేసి కలిపితే V0 విలువ −6 అవుతుంది. వాలు −24. లెక్క మళ్లీ చేస్తే A2 = 16, A1 = −40 వస్తాయి. ఇప్పుడు ఇండక్టరు కరెంటు 30 వైపు ఎక్కడం మానేసి ముందు కిందికి దిగుతుంది. సుమారు 0.16 మిల్లీసెకన్ల దగ్గర 4.35 మిల్లీఆంపియర్లకు తగ్గి, అప్పుడు తిరిగి పైకి మళ్లుతుంది. ఒక్క గుర్తు తేడాతో వక్రం రూపమే మారిపోయింది. i ఏ దిశలో ధనమో, v ఏ కొస వైపు ధనమో బొమ్మ మీద ముందే గీసుకోమని పాఠ్యపుస్తకాలు పోరు పెట్టేది ఇందుకే. ఈ తప్పును t = 0 దగ్గర i విలువ చూసి పట్టుకోలేం, రెండు సందర్భాల్లోనూ అది 6 గానే ఉంటుంది. వాలును చూడాలి.

తొలి షరతులు కృత్రిమంగా పుట్టాల్సిన పని కూడా లేదు. ఖాళీ వలయానికి 30 మిల్లీఆంపియర్లు ఇచ్చి 1 మిల్లీసెకను తర్వాత ఆపేస్తే, ఆ క్షణంలో i సుమారు 15.5, v సుమారు 3.5 వోల్టులు ఉంటాయి. సోర్సు ఆగిన తర్వాతి దశకు అవే తొలి షరతులు. చేరాల్సిన విలువ ఇప్పుడు సున్నా. ఆగిన క్షణం నుంచి కాలాన్ని కొత్తగా లెక్కిస్తే A1 సుమారు 25.3, A2 సుమారు −9.8 వస్తాయి. సోర్సు ఆగాక కూడా ఇండక్టరు కరెంటు కొంతసేపు పెరిగి 16.4 దాకా వెళ్లి అప్పుడు దిగుతుంది. కెపాసిటరులో ఇంకా మిగిలిన 3.5 వోల్టులు దాన్ని అలా తోస్తాయి. ఈ దశలో పాత స్థిరాంకాలు −40, 10 లను అలాగే మోసుకొచ్చినవాళ్లకు ఈ చిన్న గుట్ట కనిపించదు.

మూలాల స్వభావం మారితే స్థిరాంకాలు కూర్చునే చోటు మారుతుంది. అవే ఇండక్టరు, కెపాసిటరులతో రెసిస్టరును 250 ఓంలు చేస్తే సమీకరణం s² + 4s + 4 = 0. రెండు మూలాలూ −2 దగ్గరే కలిసిపోతాయి. రెండు ఘాతాలు ఒకటైపోతే వాటి ముందున్న రెండు స్థిరాంకాలూ కలిసి ఒకటవుతాయి, ఒక్క అంకె రెండు షరతులను తీర్చలేదు. అందుకే ఒకదానికి t గుణకం తగిలించాలి: i = 30 + (D1·t + D2)·e^(−2t). ఖాళీగా మొదలైతే D2 = −30, D1 = −60. ఇది క్రిటికల్ డ్యాంపింగ్. ఊగకుండా గమ్యం చేరే దారుల్లో ఇదే చివరి అంచు.

రెసిస్టరును 500 ఓంలకు పెంచితే మూలాలు సంకీర్ణమై ఊగిసలాట మొదలవుతుంది.

i(t) = 30 + e^(−t)·(B1·cos 1.732t + B2·sin 1.732t)

t = 0 పెడితే B1 = −30 వెంటనే వస్తుంది. B2 దగ్గర ఒక తియ్యని ఉచ్చు ఉంది. తొలి వాలు సున్నా కదా, సైను భాగం అక్కర్లేదని తీసేయాలనిపిస్తుంది. కానీ ఘాత గుణకానికి కూడా వాలు ఉంది. సరైన షరతు −B1 + 1.732·B2 = 0, దాంతో B2 = −17.32. దాన్ని సున్నాగా వదిలేస్తే తొలి వాలు మిల్లీసెకనుకు 30 మిల్లీఆంపియర్లు అవుతుంది. అంటే ఖాళీ కెపాసిటరు మీద ఒక్క క్షణంలో 7.5 వోల్టులు ప్రత్యక్షమైనట్టు. సరైన స్థిరాంకాలతో కరెంటు 1.81 మిల్లీసెకన్ల దగ్గర సుమారు 34.9 దాకా ఎగిరి, గమ్యాన్ని దాటి, వెనక్కి వచ్చి స్థిరపడుతుంది.

ఊగడానికీ ఊగకపోవడానికీ మధ్య గీతను తొలిసారి గణితంతో గీసింది తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్, 1853లో. ఆయన లెక్కగట్టినది కెపాసిటరు ఒక తీగ గుండా డిస్‌చార్జి కావడం, అంటే శ్రేణి వలయం. అక్కడ నిరోధం పెరిగితే ఊగిసలాట అణుగుతుంది. సమాంతర వలయంలో దీనికి తలకిందులు: 200 ఓంల దగ్గర ఊగని వలయం 500 దగ్గర ఊగుతోంది. ఇక్కడ రెసిస్టరు పక్కదారి. దాని విలువ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు అందులోంచి జారి శక్తిని వేడిగా ఖర్చుచేస్తుంది. శ్రేణి వలయం సూత్రాన్ని కంఠస్థం చేసి సమాంతర వలయానికి పెట్టినవాళ్లకు మూలాలే తప్పుగా వస్తాయి, ఇక స్థిరాంకాలను ఎంత జాగ్రత్తగా కనుక్కున్నా ప్రయోజనం ఉండదు.

బల్ల మీద దీన్ని చూడాలంటే ఫంక్షన్ జనరేటరు నుంచి 0, 6 వోల్టుల మధ్య మారే చదరపు తరంగం ఇవ్వాలి. జనరేటరు లోపలి నిరోధం సాధారణంగా 50 ఓంలు, కాబట్టి బయట 150 ఓంలు పెడితే 200 అవుతుంది. తరంగం 50 హెర్ట్జ్ అయితే ప్రతి అర్ధభాగానికి 10 మిల్లీసెకన్లు దొరుకుతాయి, వలయం దాదాపు పూర్తిగా సద్దుమణిగి తర్వాతి మెట్టు శుభ్రంగా మొదలవుతుంది. 500 హెర్ట్జ్ పెడితే దొరికేది 1 మిల్లీసెకనే. అప్పుడు ప్రతి మెట్టూ ముందటి మెట్టు మిగిల్చిన కరెంటు, వోల్టేజిలతో మొదలవుతుంది, ఖాళీ వలయానికి కట్టిన స్థిరాంకాలు తెర మీది బొమ్మతో కలవవు.

నెమ్మది తరంగంతో కూడా ఒక తేడా మిగులుతుంది. వోల్టేజి చివరికి సున్నాకు చేరదు. 250 మిల్లీహెన్రీల కాయిల్ చుట్టడానికి చాలా తీగ కావాలి, దానికి సొంత నిరోధం ఉంటుంది. అది 20 ఓంలు అనుకుంటే కరెంటు 27.3 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది, వోల్టేజి సుమారు 0.55 దగ్గర నిలుస్తుంది. ఆ మిగులు వోల్టేజిని కొలిచి, కాయిల్ కరెంటుతో భాగిస్తే నిరోధం ఎంతో తెలిసిపోతుంది. అది తెలిశాక లెక్కను మూడు చోట్ల సవరించాలి. గమ్యం 30 బదులు 27.3. మూలాలు సుమారు −1.11, −3.97. ఇండక్టరు కరెంటు తొలి వాలు V0/L కాదు, తీగ నిరోధం మీద పడే వోల్టేజి తీసేసి (V0 − r·I0)/L. ఖాళీగా మొదలైన వలయానికి ఈ మూడో సవరణ సున్నాయే కనుక స్థిరాంకాలు సుమారు −37.8, 10.5 వస్తాయి.